కోత యంత్రాన్ని ఆపిన ఒక్క పేజీ

కందిరీగ సాధించిన వాటిలో మొట్టమొదటిది, చెమటోడ్చి గెలిచినది, ఒక్క కాగితం. అట్టపెట్టెల ఫ్యాక్టరీ మీద వచ్చిన ముప్పై ఎనిమిది పేజీల తనిఖీ రిపోర్టును ఒక్క పేజీకి కుదించి, దానితో అట్టలు కోసే కోత యంత్రాన్ని ఒక పూట ఆపించింది. తర్వాత మెట్లకు చేతికడ్డీలు వేయించింది, రంగుల గదికి గాలి ఫ్యాన్లు పెట్టించింది, తను సహాయకురాలిగా చేరిన సేఫ్టీ ఆఫీసుకే అధికారి అయింది. అయినా ఆ కాగితం ముందు అవన్నీ దిగదుడుపే.

పట్టిన విషయం వదలదని పనివాళ్ళు ఆమెకు కందిరీగ అని పేరు పెట్టారు. ఆ పేరు మొదట అన్నది ఆమె బాబాయే. కోత యంత్రం నడిపేది ఆయనే.

ఆ ఉదయం మేనేజరు రిపోర్టు ఆమె బల్ల మీద పడేశాడు.

"సాయంత్రం ఓనరుగారు వస్తున్నారు. ఏం ప్రమాదాలున్నాయి, ఎంత తీవ్రం, ఏం చెయ్యాలి, అంతే. ఒక్క కాగితం. ఆయన కాగితం తిప్పి చూసే మనిషి కాదు."

ఆమె మూడు గడులు గీసి, రిపోర్టులో ఉన్న వరుసలోనే నింపుకుంటూ పోయింది. ముందు పెచ్చులూడిన నేల వచ్చింది, దానికి ఆరు ఫొటోలు. తర్వాత వెలగని లైట్లు, నూనె మరకలు. కాగితం నిండిపోతే మిగిలినవి వెనకవైపు రాసింది. మధ్యాహ్నం క్యాంటీనులో బాబాయికి మురిసిపోతూ చూపించింది.

ఆయన పైనుంచి కిందికి చూసి, తిప్పి వెనక చూసి, మొహం విప్పారించాడు.

"నా సంగతి వెనక్కి పోయిందే! బతికించావు తల్లీ. నీ కడుపు చల్లగా!"

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. వెనకవైపు పోయిన వాటిలో బాబాయి సంగతి ఇదీ: కోత యంత్రం మూత తెరవగానే యంత్రం ఆగిపోవాలి, ఆగకుండా స్విచ్చిని తీగతో కట్టేశారు. తీవ్రత అత్యధికం. సరిచేసేదాకా నడపరాదు.

"ఎందుకు కట్టావు బాబాయ్?"

"అట్ట మాటిమాటికీ ఇరుక్కుంటుందే. ప్రతిసారీ ఆగిపోతే మళ్ళీ మొదలెట్టేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. చెయ్యి పెట్టి లాగేస్తే పోలా?"

"చెయ్యే పోతే?"

"ఇన్నేళ్ళూ పోలేదుగా! ఇంటిగుట్టు బయటపెట్టకే, కందిరీగా."

ఆమె తినకుండానే లేచింది. అట్ట ఎందుకు ఇరుక్కుంటుందో వెతుకుతూ రిపోర్టు మొదటినుంచి తిరగేస్తే, తొమ్మిదో పేజీలో దొరికింది: "అట్టను లోపలికి నెట్టే రోలరు అరిగింది. తీవ్రత తక్కువ." అది అదే యంత్రమా? ఊహించి రాయకూడదని తనిఖీ చేసినాయనకే ఫోన్ చేసింది.

"అదే యంత్రమమ్మా," అన్నాడాయన. "రెండూ పక్కపక్కన రాయి, సంబంధముందని చెప్పు. తీవ్రత మాత్రం దేనిది దానికే ఉంచు."

ఈసారి రిపోర్టు వరుసా, ఫొటోల లెక్కా చూడలేదు. చెయ్యి తీసేవి, ప్రాణం తీసేవి పైన పెట్టింది. కోత యంత్రం మొదటిది. అట్టకట్టలు అడ్డంపెట్టిన అత్యవసర తలుపు రెండోది. నేల పెచ్చులు అట్టడుగున. అంతా ఒక్కవైపే సరిపోయేలా కుదించి, ప్రతిదాని పక్కనా రిపోర్టు పేజీ నంబరు వేసింది.

మేనేజరు చూసి నుదురు కొట్టుకున్నాడు. "పెద్ద ఆర్డరుంది. 'అత్యధికం' తీసి 'మధ్యస్థం' అనెయ్."

"కుదించమన్నారు సార్, కుదించాను. మార్చడానికి అది నా మాట కాదు, తనిఖీ చేసినాయన మాట."

"అది మీ బాబాయి యంత్రమేగా?"

"ఎవరి బాబాయిదైనా మొదటి వరుసలోనే ఉంటుంది సార్."

ఓనరుగారు వచ్చి మొదటి వరుస చదివారు, మూడో గడి చదివారు: తీగ తియ్యాలి, కట్టడానికి వీల్లేని స్విచ్చి బిగించాలి, అరిగిన రోలరు మార్చాలి.

"రోలరు ఎన్నాళ్ళు పడుతుంది?"

పక్కనే నిలబడ్డ ఫ్యాక్టరీ మెకానిక్కు తల గోక్కున్నాడు. "స్టోరులోనే ఉంది సార్. పూట పని."

"మరి ఇన్నాళ్ళూ?"

"ఎవరూ అడగలేదు సార్!"

గదంతా గొల్లున నవ్వింది, మేనేజరుతో సహా. యంత్రం అక్కడికక్కడే ఆగింది. తీగ తీసి, రోలరు మార్చి, మూత తెరిస్తే ఆగుతోందని చూసుకున్నాకే మళ్ళీ నడిపారు. కొత్త స్విచ్చి ఆ వారంలోనే వచ్చింది.

బాబాయి ఆ రాత్రి అలిగి అన్నానికి రాలేదు. మర్నాడు అట్ట ఒక్కసారీ ఇరుక్కోలేదు. సాయంత్రానికి ఈల వేసుకుంటూ ఇంటికొచ్చి, రెండు చేతులూ ఆమె మొహం ముందు ఆడించాడు.

"లెక్కపెట్టుకోవే, పదీ ఉన్నాయి!"

అప్పటినుంచీ ఆమె కనిపిస్తే చాలు, నమస్కారానికి బదులు అదే.

ఇప్పుడు కంపెనీవాళ్ళ మిగతా ఫ్యాక్టరీల్లోనూ రిపోర్టును ఒక్క పేజీకి దించడం నేర్పమని కందిరీగను పిలిపించుకున్నారు. గేటు దగ్గర పది వేళ్ళూ విప్పి నిలబడతానని బాబాయి అందరికీ చెప్పుకుంటున్నాడు. ఆమె తిరిగొచ్చేది వచ్చే నెల పన్నెండో తేదీ, గురువారం.