పేరు మారని అలాట్‌మెంట్ లెటరు

కడపలో మా ఆఫీసులో నా సీటు ప్లాట్ల కేటాయింపు సెక్షన్లో ఉండేది. పట్టణాభివృద్ధి అథారిటీ ఊళ్ల పక్కన లేఅవుట్లు వేస్తుంది. ప్లాట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తుంది. నంబరు వచ్చినవాళ్లకు అలాట్‌మెంట్ లెటరు పోతుంది. ఆ లెటర్లు తయారుచేసి సంతకానికి పెట్టేవాణ్ని నేను. చేనేత ఊరొకదాని పక్కన వేసిన లేఅవుట్‌కు లాటరీ తీసిన నెలకనుకుంటా, ఒకాయన, ఒకామె కలిసి నా టేబుల్ దగ్గరికి వచ్చినారు.

ఆయన మగ్గం నేసే మనిషి. అరవై దాటినట్టుండాడు. కంటికి ఆపరేషనై నల్లద్దాలు పెట్టుకోనుండాడు. ఆమెకు నలభై ఐదుండొచ్చు. ఆ ఊరి బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ అమ్ముతుందని మాటల్లో తెలిసింది. ఇద్దరివీ పక్కపక్క ఇండ్లు. ఆయనది పెద్దల నాటి మట్టిమిద్దె, ఆమెది బాడుగ ఇల్లు. ఇద్దరూ ఒకే రోజు దరఖాస్తు పెట్టినారు. లాటరీలో ఆయనకు వచ్చింది, ఆమెకు రాలేదు. వెయిటింగ్ లిస్టులో కూడా ఆమె నంబరు లేదు.

ఆయన లెటరు నా ముందర పరిచి పెట్టినాడు. మడతలు నలగకుండా దానికి పాలిథిన్ కవరు వేసినాడు.

"సార్, ఇది నాకొద్దు. ఈ పాప పేరు మీదికి మార్చియ్యండి," అని పక్కనున్న ఆమెను చూపించినాడు.

"ఎందుకప్పా, వచ్చిందాన్ని వద్దంటాండావు?"

"కంతులు యాడ కట్టేది సార్? కన్ను పోయినాంక నేత సగమైపాయ. ఈ పాప కడతానంటాది. మొదట నేను కట్టిన డిపాజిట్టు నాకిచ్చేసింది. ఇంగ స్థలం ఈమెదే."

నేను లెటరులోని షరతు చదివి వినిపించినాను. ఆ షరతు అప్పటికి ఎంతమందికి చదివినానో లెక్క లేదు. సేల్ డీడ్ రిజిస్టరు అయ్యేదాకా ఈ కేటాయింపును ఇంకొకరికి అమ్మకూడదు, రాసివ్వకూడదు, పేరు మార్చుకోకూడదు. లెటరు చేతికి వచ్చినంత మాత్రాన స్థలం మనది కాదు. డబ్బంతా కడితే అథారిటీ మనకు రిజిస్టరు చేసిస్తానని చెప్పే కాగితమే అది. ఆ కాగితాన్ని అమ్ముకునేదానికి లేదు.

"మరి వద్దనుకుంటే?" అని ఆమె అడిగింది.

"సరెండర్ చేయొచ్చు. కొంత పట్టుకోని మిగతాది వాపసిస్తారు. ప్లాటు మాత్రం వెయిటింగ్ లిస్టులో ముందున్నోళ్లకు పోతాది. మీకు రాదు."

ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఆయనే మళ్లీ అడిగినాడు. "సార్, నేనే కంతులన్నీ కట్టి, నా పేరు మీద రిజిస్టరు చేయించుకోని, ఆ మర్నాడే ఈమెకు రాసిస్తే?"

"రిజిస్టరైనాంక అది నీ ఆస్తి. నీ ఇష్టం. మేము అడిగేది లేదు."

"రిజిస్ట్రేషన్ ఎప్పుడు చేస్తారు సార్?"

అప్పుడు నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "డబ్బంతా కట్టేయండి. రోడ్లు, కాలవలు అయితానే చేసేస్తాం. మూడు నాలుగు నెలలు, అంతే."

ఆ మాట అబద్ధమని నాకు తెలీదు. నిజమని కూడా తెలీదు. ఇంజినీరింగ్ సెక్షన్లో ఎవరో అంటే విన్నాను. కౌంటరు ముందర నిలబడిన మనిషికి ఏదో ఒక లెక్క చెప్పి పంపించేస్తే బాగుంటుంది కదా, అట్ల చెప్పినాను.

వాళ్లు పోయి స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకున్నారు. నోటరీ చేయించినారు. కంతులన్నీ ఆమే కట్టింది. బ్యాంకులో కట్టేటప్పుడు ఆయన దరఖాస్తు నంబరే వేయాలి కాబట్టి రసీదులన్నీ ఆయన పేరు మీదే వచ్చినాయి. గడువుకన్నా ముందే కట్టేసినారు. నా మాట నమ్మే అంత తొందర పడినారని తర్వాత తెలిసింది.

మూడు నెలలు గడిచిపోయినాయి. కాంట్రాక్టరు సగం కంకర పోసి పని ఆపేసినాడు. బిల్లులు రాలేదన్నారు. ఏడాదైంది. ఆ లేఅవుట్ మీదుగా పోతే సర్కారుతుమ్మ మొలిచిన రోడ్డు కనిపించేది. ఆయన నెలకోసారి ఫోన్ చేసేవాడు. "సార్, ఏమన్నా తెలిసిందా?" అనేవాడు. మొదట్లో జవాబు చెప్పేవాణ్ని. తర్వాత తర్వాత నంబరు చూసి ఎత్తకుండా ఉండేవాణ్ని.

రెండో ఏడు ఎండాకాలంలో ఆమె ఒక్కతే వచ్చింది. చేతిలో గుడ్డసంచి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అన్న పాయ సార్," అనింది.

మధ్యాన్నం మగ్గం గుంతలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగినాడంట. భార్య అన్నానికి పిలిస్తే పలకలేదంట.

సంచిలోనుంచి అగ్రిమెంటు, రసీదుల కట్ట తీసి పెట్టింది. "ఇప్పుడు నాకు చేసిస్తారా సార్?"

చేసేదానికి లేదని చెప్పినాను. కేటాయింపు పొందిన మనిషి చనిపోతే వారసులకే వస్తుంది. భార్యా పిల్లలు మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చి దరఖాస్తు పెట్టుకుంటే వాళ్ల పేరు మీదికి మారుస్తారు. మీ అగ్రిమెంటుతో మా ఆఫీసుకు సంబంధం లేదు అన్నాను.

ఆమె రసీదులు మళ్లీ ఒక్కొక్కటే సంచిలో పెట్టుకుంటా, "మీరు మూడు నెలలంటిరి కదా సార్," అనింది. నిష్టూరంగా అనలేదు. గుర్తు చేసినట్టు అనింది. నిష్టూరంగా అనుంటే నేను కూడా ఏదో ఒకటి అనుండేవాణ్ని.

కర్మకాండలైన రెండు నెలలకు ఆయన భార్య, పెద్దకూతురు, పెద్దల్లుడు దరఖాస్తు తీసుకొచ్చినారు. చిన్నకూతురు రాలేదు, సంతకం పంపించింది. వాళ్ల వెనకాలే ఉగ్గాని అమ్మే ఆమె వచ్చి అభ్యంతరం రాసిచ్చింది. మా అధికారి అందరినీ ఒకే రోజు విచారణకు పిలిచినారు. ఫైలు పట్టుకోని నేనూ గదిలో నిలబడినాను.

ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకోని మాట్లాడింది. "సార్, నా పేరు మీదికి మార్చండి. మార్చినాంక ఆ పాపకు నేనే రాసిస్తా. మా ఆయన మాటిచ్చినాడు."

"నీ ఒక్కదాని పేరు మీదికి రావాలంటే మీ కూతుర్లిద్దరూ ఒప్పుకుంటామని అఫిడవిట్ ఇయ్యాలమ్మా," అన్నారు అధికారి.

పెద్దకూతురు తల వంచుకోనే అనింది. "మేమియ్యం సార్. అది మా నాయన కష్టం."

"ఏం కష్టమ్మే?" అని తల్లి గట్టిగా అడిగింది. "ఒక్క కంతన్నా మనం కడితిమా? ఆ పాప పొద్దన్నే మూడింటికి లేసి పొయ్యి కాడ నిలబడి కట్టిందమ్మే!"

అల్లుడు మధ్యలో అందుకున్నాడు. నెమ్మదస్తుడే. గొంతు పెంచలేదు. "సార్, లెటరు మా మామ పేరు మీద ఉండాది. రసీదులు మా మామ పేరు మీద ఉండాయి. ఆయమ్మ పేరు యాడుండాది సార్, మీ కాగితాల్లో?"

 ఆ రోజు సాయంత్రం నేను రాయాల్సిన నోటు కూడా అదే. కేటాయింపు లెటరు రిజిస్ట్రేషన్‌కు ముందు బదిలీ చేయదగినది కాదని, మూడో వ్యక్తితో చేసుకున్న అగ్రిమెంటుకు అథారిటీ బాధ్యత లేదని, తగాదా ఉంటే సివిల్ కోర్టులో తేల్చుకోవాలని, వారసులు ముగ్గురి పేర్ల మీదికి కేటాయింపు మార్చవచ్చని రాసినాను. అందులో తప్పు ఒక్కటీ లేదు. ఇప్పుడు రాయమన్నా అట్లే రాస్తాను. రాసినాంక మాత్రం ఇంటికి పోబుద్ధి కాలేదు. బస్టాండులో రెండు బస్సులు వదిలేసి కూర్చున్నాను.

ఉగ్గాని అమ్మే ఆమె ఒక వకీలును కలిసింది. కేసు వేయొచ్చు గానీ ఏండ్లు పడుతుందని, లెటరులోనే అమ్మకూడదని షరతు ఉంది కాబట్టి స్థలం వస్తుందని చెప్పలేనని, కట్టిన డబ్బు మాత్రం వారసులు వాపసియ్యాల్సిందేనని ఆ వకీలు చెప్పినాడంట.

ఆ లేఅవుట్‌కు రోడ్లు పడేసరికి ఇంకో చలికాలం వచ్చింది. రిజిస్ట్రేషన్ల రోజు అథారిటీ తరఫున నేను ఆ ఊరి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు పోయినాను. తల్లీ కూతుర్లు ముగ్గురూ వచ్చి వేలిముద్రలు వేసి, ఫోటోలు దిగినారు. తల్లి వేలు అచ్చు పడలేదు. రాట్నం తిప్పీ తిప్పీ గీతలు అరిగిపోయినాయి. నాలుగుసార్లు తుడిచి వేయించినారు.

పని కాగానే తల్లి, కూతుర్ల దగ్గర నిలబడకుండా నా దగ్గరికి వచ్చింది. "సార్, ఇప్పుడిది మాది కదా? ముగ్గురిలో నా వంతు నేను ఎవరికన్నా రాసియ్యొచ్చా?"

"రాసియ్యొచ్చమ్మా. కానీ మూడో వంతే. ఏ పక్క ఎవరిదో పంచుకోలేదు కదా. నూటయాభై గజాల్లో ఆ వంతు తీసుకోని ఇల్లు కట్టుకునేదానికి కాదు. విడదీయాలంటే మళ్లీ నీ కూతుర్ల మీద కోర్టుకు పోవాల."

ఉగ్గాని అమ్మే ఆమె రోడ్డుకు అవతల జిరాక్సు అంగడి ముందర నిలబడి ఉంది. ఎవరు రమ్మన్నారో, తనకు తానే వచ్చిందో తెలీదు. ఆయన భార్య రోడ్డు దాటి పోయి ఆమె చెయ్యి పట్టుకుంది. నేనూ వెనకాలే పోయినాను. ఎందుకు పోయినానో చెప్పలేను.

"నా వంతు నీకు రాసిస్తామ్మే. పద, ఈడనే రాయిస్తా."

"వద్దొదినా."

"మీ అన్న మాట ఏం కావాల?"

"అన్న మాట తప్పలేదులే. నీ కూతుర్ల మీద కోర్టుకు నేను పోను. రేపు నీకు జరమొస్తే నీళ్లిచ్చేది వాళ్లే గదా."

ముసలామె ఆ జిరాక్సు అంగడి మెట్ల మీదనే కూర్చోని ఏడ్చింది. ఉగ్గాని ఆమె ఏడ్వలేదు. పక్కన కూర్చోని వీపు మీద చెయ్యి వేసింది. అల్లుడు ఆటో తెచ్చి హారన్ కొట్టేదాకా ఇద్దరూ అట్లే ఉన్నారు. 

కట్టిన సొమ్ము కట్టినంతా అల్లుడు ఇచ్చేసినాడని విన్నాను. ఆ మాటకొస్తే ఆయన మోసగాడు కాదు. కానీ మూడేండ్లలో ఆ చుట్టుపక్కల ధరలు పెరిగిపోయినాయి. ఆ డబ్బుకు ఊరికి నాలుగు మైళ్ల అవతల కూడా స్థలం దొరకదు.

మళ్లీ ఒకసారి ఆ ఊరికి పోయినప్పుడు బస్టాండు దగ్గర చూసినాను. ఆమె పొయ్యి పెట్టే చోట ఎవరో చెరుకురసం మిషను పెట్టినారు. మిషను ఆయన్ను అడిగితే, బాడుగింటి ఓనర్లు ఖాళీ చేయమన్నారని, కమలాపురంలో చెల్లెలి కాడికి పోయిందని చెప్పినాడు. ఈడ బజ్జీలు అంత బాగా చేసేటోళ్లు మళ్లీ రాలేదు సార్ అన్నాడు.

ఆయన భార్య గురించి అడగలేదు. అడిగుంటే చెప్పేవాడేమో.

కమలాపురం మీదుగా ఇప్పటికీ తిరుగుతాంటాను. బస్సు అక్కడ పది నిమిషాలు ఆగుతుంది. అందరూ టీకి దిగుతారు. నేను దిగను.