బాబాయి చెప్పిన పడవ గీత

అమలాపురంలో నేను డిజైనర్‌గా పనిచేసే ప్రింటింగ్ షాపుకి ఒక కవితల పుస్తకం వచ్చింది. ముఖచిత్రం సిరాతో కుంచె పట్టి గీసినట్టుండాలి, ఒక్క పడవ, చుట్టూ ఖాళీ చాలన్నారు కవి. బొమ్మలు గీసే ఏఐకి "పక్షులు వద్దు, కొబ్బరిచెట్లు వద్దు" అని ఎన్నిసార్లు రాసినా అవే వచ్చి పడేవి.

ఏదో పనిమీద వచ్చిన మా బాబాయి అది చూసి నవ్వారు. ఆయన ఒకప్పుడు ఊరంతా బోర్డులు రాసిన మనిషి. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది.

"వద్దన్నవన్నీ నువ్వే గుర్తుచేస్తున్నావు కదే! మూడొంతుల కాగితం ఖాళీ అని చెప్పు. గీత గట్టిగా నొక్కి మొదలవ్వాలి, పోనుపోను తేలికవ్వాలి, చివర కుంచె తడారి చీలిపోవాలి. ఆ చీలికలోంచి కాగితం గరుకు కనపడాలి. ఇంతమాత్రం తెలీదు, డిజైనరంట!"

ఒళ్లు మండింది. అయినా ఆయన మాటలే ఉన్నవి ఉన్నట్టు టైపు చేశాను. కాసేపటికి తెరమీద కింది అంచున ఒక్క పడవ, ఆయన చెప్పినట్టే చివర చీలిన గీత, పైనంతా తెల్లటి కాగితం.

బాబాయి మొహం మాడిపోయింది. "అది నా చేతి గీతే. ఎవర్నడిగి దానికిచ్చేవు?"

"మీరే కదండీ చెప్పేరు."

"నిన్ను తిట్టేను. దానికి పాఠం చెప్పలేదు. తీసెయ్!"

తీయలేదు. కవికి పంపేశాను, ఆయనకు నచ్చింది. పుస్తకంలో బాబాయి పేరు వేయిస్తానని వాళ్లింటికెళ్లి చెప్పాను. "నా పేరు దాని పక్కనా?" అని తలుపేసేశారు.

ఏడాది కావస్తోంది. పెళ్లిళ్లలో ఎదురుపడినా నన్ను దాటుకుని వెళ్లిపోతారు. నేనూ పిలవను.