అమ్మాయి పెట్టిన సున్నా

"సున్నాకొచ్చింది సార్!" అని అప్రెంటిస్ అమ్మాయి షెడ్డంతా వినబడేలా అరిచింది చూడండి, ఆ క్షణంలో ఇంజనీర్‌కి నెత్తి బాదుకోవాలనిపించింది. అప్పుడే గేటు దాటి లోపలికి వస్తున్నాడాయన. ఆయన కంటే రెండడుగుల ముందు మేనేజర్ నడుస్తున్నాడు. ఇంకేముంది, ఆ మాట పడాల్సిన చెవిలో పడనే పడింది.

"విన్నావా? సున్నా!" అన్నాడు మేనేజర్, లాటరీ తగిలినంత సంబరంగా. "దూలం బాగానే ఉందట. మధ్యాహ్నం కల్లా ప్రెస్సు ఎత్తేయాలి. బయట లారీ ఎదురుచూస్తోంది."

అసలు గొడవ అంతకు ముందురోజు మొదలైంది. ఆరు టన్నుల పాత ప్రెస్సు మెషీన్‌ని పెకిలించి లారీ ఎక్కించాలి. దాన్ని నేలకు బిగించిన బోల్టులు విప్పారు గానీ, సిమెంటు కింద దాక్కున్న ఒక బోల్టును ఎవరూ చూళ్లేదు. క్రేన్ కొక్కెం మెషీన్‌కి తగిలించి లాగారు. మెషీన్ కదల్లేదు. ఇంకా లాగారు. మెషీన్‌ని కాదు, ఏకంగా నేలనే లేపబోయారు మహానుభావులు! బరువు మించితే మోటారును ఆపేసే స్విచ్ ఒకటుంటుంది. అది మాటిమాటికీ ఆపేస్తోందని విసుగొచ్చి, ఎవడో దానికి ఎప్పుడో అడ్డంగా తీగ కట్టిపెట్టాడు. ఇక ఆపేదెవరు? షెడ్డుకు ఈ గోడనుంచి ఆ గోడదాకా, పట్టాల మీద జరిగేలా ఉన్న క్రేన్ ఇనుప దూలం మధ్యలో కిందికి వంగుతుంటే, దాని కింద వేలాడే క్యాబిన్లో కూర్చున్న క్రేన్ బాబాయ్ గుండె గుప్పిట్లో పెట్టుకుని మోటారు ఆపాడు. బరువు దింపాక దూలం కొంత పైకి లేచింది. కొంతే.

"రాత్రంతా రెస్టిస్తే మిగతాది కూడా లేస్తుందిలే" అన్నారు ఫిట్టర్లు, దాక్కున్న ఆ బోల్టును కోసేస్తూ. ఇనుముకి రెస్టేమిటి, నడుంనొప్పి వచ్చిన మనిషా అది? ఇంజనీర్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, ఎవరికీ ఎక్కలేదు. పొద్దున తను వచ్చేలోగా దూలం ఎంత దిగిందో చూసి పెట్టమని అప్రెంటిస్‌కి చెప్పి ఇంటికెళ్లాడు. ఆ పిల్ల చూసిన తీరు ఇదీ.

"ఏం చూశావో చెప్పు" అన్నాడు, మేనేజర్ తన గదిలోకి వెళ్లాక. గొంతు పెంచకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నాడు.

"దూలం మధ్య నుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసి, పక్కనే స్కేలు నిలబెట్టాను సార్. గుండు మొన దగ్గర సుద్దతో సున్నా పెట్టాను. మూడు టన్నులు ఎత్తించాను, గుండు కొంచెం దిగింది. బరువు తీశాక మళ్లీ సరిగ్గా సున్నాకొచ్చింది. వెంట్రుకవాసి తేడా లేదు సార్."

"ఆ సున్నా ఎప్పుడు పెట్టావు?"

"ఇందాక, పొద్దున్నే."

"వంగకముందా, వంగాకా?"

"వంగాకే" అని ఒప్పుకుంది ఆ పిల్ల. అయినా పూర్తిగా అర్థమైనట్టు లేదు. "కానీ తిరిగొచ్చింది కదా సార్! పాడైపోతే తిరిగి రాదు కదా?" అంది.

ఇంజనీర్‌కి ఒళ్లు మండిపోయింది. తిడదామనుకున్నాడు. తిడితే ఏం లాభం, మేనేజర్ కూడా ఇదే మాట అంటాడు, రేపు ఇంకొకడూ అంటాడు. చుట్టూ చూసి, వెల్డింగ్ బల్ల మీదనుంచి ఒక రాడ్ తీసి, సుత్తితో పైపూత రాలగొట్టి, లోపలి సన్నని కడ్డీని రెండు ఇటుకల మీద ఆనించాడు.

"నొక్కు. మెల్లిగా."

నొక్కింది. వదిలింది. కడ్డీ తిన్నగా లేచింది.

"ఇప్పుడు కసిగా నొక్కు. నన్ను తలుచుకుని నొక్కు."

నవ్వాపుకుంటూ నొక్కింది. వదిలితే కడ్డీ కొంచెం లేచి ఆగిపోయింది. మధ్యలో వంపు వంపుగానే ఉంది.

"కింది అంచు సాగి పొడుగైంది, పై అంచు నలిగి పొట్టిదైంది. హద్దులోపల లాగినంతసేపూ ఇనుము వదలగానే తన చోటికి తను వస్తుంది. హద్దు దాటితే లోపలి పొరలు ఒకదానిమీద ఒకటి జారి కొత్త చోట సర్దుకుని కూర్చుంటాయి. బరువు తీసేస్తే, హద్దులోపల సాగినంత మాత్రమే వెనక్కొస్తుంది. జారింది జారిందే. దాన్ని వెనక్కి నెట్టేవాడు ఎవడున్నాడు? సరే, మళ్లీ నొక్కు. ముందు నొక్కినంత మెల్లిగా."

వంగిన కడ్డీని మెల్లిగా నొక్కింది. దిగింది. వదిలింది. లేచి, అదే వంపు దగ్గరికి చక్కగా వచ్చి ఆగింది.

ఆ పిల్ల వంగి దగ్గరగా చూసింది. మళ్లీ ఒకసారి నొక్కి వదిలింది. మళ్లీ అక్కడికే వచ్చింది.

"పొద్దున నేను చూసింది ఇదే" అంది నెమ్మదిగా.

"అమ్మయ్య!" అన్నాడు ఇంజనీర్. "ఇప్పుడు దూలం దగ్గర చూద్దాం పద."

దూలాన్ని గోడవారనున్న మెట్ల దగ్గరికి జరిపించి, ఇద్దరూ పైకెక్కారు. దూలం అడుగున రెండు చివర్లా ఒకే మందం చెక్కముక్కలు పెట్టి సన్నని ఉక్కుతీగ బిగించి లాగారు. తయారుచేసేటప్పుడే ఇలాంటి దూలానికి మధ్యలో పైకి కొద్దిపాటి ఉబ్బు ఇస్తారు. ఆ లెక్కన మధ్యలో తీగకీ దూలానికీ మధ్య సందు, చెక్క మందం కంటే ఎక్కువే ఉండాలి. కిందికి దిగి, చక్రాల పరంజాని మధ్యకు తోయించి, దాని మీదికెక్కి చూస్తే, అక్కడ చిటికెనవేలు కూడా దూరలేదు. దూలం తీగని ఒరుసుకుంటోంది. అడుగున రంగు సన్నటి గీతలుగా పెట్లిపోయి రాలింది.

"ఇనుము సాగింది, రంగు సాగలేదు. అందుకే పెట్లింది" అన్నాడు. "ఇక్కడ అతుకుల్లో పగుళ్లున్నాయో లేదో పరీక్ష చేయించేదాకా ఎవరూ దీనికి బరువు తగిలించకూడదు. మూడు టన్నులకి ఆగింది కాబట్టి ఆరు టన్నులకీ ఆగుతుందని ఎవరు పూచీ?"

ఇదంతా మేనేజర్‌కి చెబితే ఏమన్నాడో తెలుసా? "వంగింది, విరగలేదుగా!" అన్నాడు. కడ్డీ చూపిస్తే, "ఇది పుల్ల, అది దూలం" అన్నాడు. తీగ చూపిస్తే, "తీగదేముంది, లాగితే ఎటైనా పోతుంది" అన్నాడు. ఇంజనీర్ అరిచాడు, మొత్తుకున్నాడు, సంతకం పెట్టనన్నాడు. "నీ సంతకం నువ్వే ఉంచుకో. ఆ అమ్మాయి కొలిచింది, పదిమందీ విన్నారు. నాకది చాలు" అని మేనేజర్ బయటికొచ్చి, "బాబాయ్, ఎక్కు!" అన్నాడు.

క్రేన్ బాబాయ్ నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. పొద్దున్నించీ ఆయనకి మనసులో ఒక పీకులాట ఉంది. దూలం మధ్యనుంచి చివరికి నడుపుతుంటే, కొక్కేన్ని మోసే ట్రాలీ ఎదురెక్కుతున్నట్టు మూలుగుతోందని రెండుసార్లు చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఆయన ఇంజనీర్ వైపు చూడలేదు, మేనేజర్ వైపూ చూడలేదు. అమ్మాయి వైపు తిరిగాడు.

"సున్నాకొచ్చిందన్నావు కదా తల్లీ. నీ మాట మీద ఎక్కుతున్నాను. ఎక్కమంటావా?"

ఇంజనీర్‌కి నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఈ ప్రశ్న తనది కాదు. ఆ పిల్ల ట్రైనింగ్ పూర్తయిందని రాసివ్వాల్సింది మేనేజరేనని అక్కడ అందరికీ తెలుసు. ఆ పిల్లకీ తెలుసు. వంగిన కడ్డీని చేతిలో తిప్పి చూసింది.

"వద్దు బాబాయ్" అంది చివరికి. "ఆ సున్నా నేను పెట్టింది. వంగిపోయాక పెట్టాను. అది దూలం అసలు సున్నా కాదు."

"ఏం మాట్లాడుతున్నావమ్మాయ్, తెలిసే మాట్లాడుతున్నావా?" అని మేనేజర్ ఒంటికాలి మీద లేచాడు.

బాబాయ్ మాత్రం మెట్టు మీది కాలు తీసి నేల మీద పెట్టాడు. జేబులోంచి క్యాబిన్ తాళంచెవి తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. మేనేజర్ ఫోన్ అందుకుని ఎవరిమీదో అరుస్తూ లారీ వైపు నడిచాడు.

పొద్దున్నించీ గొంతు చించుకున్నది తను. ఒక్కడంటే ఒక్కడు వినలేదు. ఇంజనీర్‌కి కోపం ఇంకా దిగలేదు, ఎవరిమీదో కూడా తెలియడంలేదు. ఆ పిల్ల స్కేలు దగ్గరికి వెళ్లి, సుద్దగీతని అరచేత్తో తుడవబోయింది.

"ఉంచు" అన్నాడు విసుగ్గా. "పక్కన 'వంగాక' అని రాయి."