చూడకూడదనుకున్న వీడియో

తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే మనిషిని నేను. పాల ప్యాకెట్టు మూల తడిగా ఉంటే ఎవరో సూదితో పొడిచారనే అనుకుంటాను. అలాంటిదాన్ని, మా పాత వీడియో ఒకదానికి ఉన్నట్టుండి వ్యూస్ ఎగబాకితే సంతోషిస్తానా?

పద్మారావు నగర్‌లో మా ఇంటి ముందుగదిలో కుట్టుపని నేర్పుతాను. నాలుగేళ్ళ కిందట నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన ఒకామె, నేను జాకెట్టు కత్తిరిస్తుంటే చూసి, దీన్ని వీడియో తీసి పెడదామంది. మా ఛానెల్ అలా మొదలైంది. కత్తెర పట్టిన చేతులు నావి, గొంతు నాది, ఫోను పట్టుకునేది ఆమె. రోజూ పదకొండింటికి టీ గ్లాసులు పక్కన పెట్టుకుని ఇద్దరం ఛానెల్ రిపోర్టు చూసేవాళ్ళం. ఎంతమంది చూశారన్నదే కాదు, ఏ దారిన వచ్చారో కూడా అందులో ఉంటుంది. యాప్ తెరవగానే హోమ్ ఫీడ్‌లో కనబడి నొక్కినవాళ్ళు ఎందరు, సెర్చ్‌లో వెతికి వచ్చినవాళ్ళు ఎందరు, ఇంకో వీడియో పక్కన సజెషన్‌గా కనబడితే వచ్చినవాళ్ళు ఎందరు, బయట ఎక్కడో లింకు నొక్కి వచ్చినవాళ్ళు ఎందరు, అన్నీ విడివిడిగా చూపిస్తుంది. మాకు సెర్చ్ నుంచి వచ్చేవాళ్ళే ఎక్కువ. వాళ్ళు ఏం టైపు చేశారో కూడా కనబడేది. 'జాకెట్టు వేసుకుంటే చెయ్యి పైకి లేవట్లేదు' అని ఎవరో వెతికితే ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

రెండేళ్ళయ్యాక ఒకరోజు ఆమె, "అక్కా, ఈ ఒక్క వీడియోల నేను మాట్లాడ్త" అంది.

"నీ చేయి ఇంకా తిరగలే" అన్నాను.

నిజానికి అప్పటికే ఆమె నాకంటే శుభ్రంగా కుడుతోంది. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే అన్నాను. ఆ వీడియో కూడా ఎప్పటిలాగే ఆమే తీసింది. నెల తిరక్కుండా తిరుమలగిరికి ఇల్లు మారింది, నా దగ్గరికి రావడం మానేసింది. ఇంకొన్నాళ్ళకు సొంత ఛానెల్ పెట్టిందని మా ఆయన చెప్పాడు. నేను దాన్ని తెరవలేదు. తెరిస్తే ఆమెకో వ్యూ పెరుగుతుంది, అది నా చేత్తో ఎందుకివ్వాలని నా పట్టుదల. ఆయన ఫోనులోనైనా చూడొచ్చు కదా అనిపించిన రోజులున్నాయి. ఎవరి ఫోనులో చూసినా వ్యూ వ్యూనే కదా అని ఊరుకున్నాను.

మొన్న ఎండాకాలంలో మా పాత వీడియో, చంక దగ్గర ముడత రాకుండా జాకెట్టుకు చేతులు అతికించేది, పెరగడం షురూ అయింది. రోజుకు పదిమందో ఇరవైమందో చూసేది వందలకు పోయింది. ముందు మా ఆయన మీదే అనుమానం వచ్చింది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఆయనకు లెక్కలేనన్ని వాట్సాప్ గ్రూపులు. అందరికీ పంపి నన్ను మురిపిద్దామనుకున్నాడేమోనని నిలదీశాను. ఆయన అన్నం ముందు నుంచి లేచి ఫోను నా చేతిలో పెట్టి, వెతుక్కోమన్నాడు. వెతికాను కూడా. ఏమీ లేదు. రిపోర్టులో చూస్తే బయటి లింకుల నుంచి వచ్చినవాళ్ళు ఎప్పటిలాగే పిడికెడు. ఎవరో గిట్టనివాళ్ళు దొంగ వ్యూస్ కొని మా ఛానెల్‌ని ఇరికిస్తున్నారేమోననీ అనుకున్నాను. హోమ్ ఫీడ్ నుంచి వచ్చింది కొంచెమే. సెర్చ్ మారలేదు. పెరిగిందంతా సజెస్టెడ్ వీడియోలు అన్న వరసలో ఉంది.

ఆ వరసను నొక్కితే ఏ వీడియో నుంచి వచ్చారో పేర్లు వస్తాయి. మొదటి పేరు ఆమె వీడియోది. సగానికి పైగా అక్కడి నుంచే.

నాకు ఒళ్ళు మండింది. పోలిక ఉన్న వీడియోలనే పక్కపక్కన చూపిస్తుందని నాకు తెలిసిన లెక్క. ఆమెదాని పక్కన మాది వచ్చిందంటే ఆమె మాది కాపీ కొట్టిందన్నమాటే. పైగా ఆ వీడియో తెరవకుండానే పైన కనబడే బొమ్మలో చిలకాకుపచ్చ గుడ్డ కనబడుతోంది. మా వీడియోలో కత్తిరించింది ఆ గుడ్డనే. మిగిలిన ముక్కలు ఆమే పట్టుకెళ్ళింది. తీసిన వీడియోను తన ఫోను నుంచి నా ఫోనుకు ఎక్కించిందీ ఆమే, కాబట్టి అసలుది ఆమె దగ్గరుంటుంది. నా వీడియోనే ముక్కలు చేసి అతికించుకుంది అని తీర్మానించేశాను.

కాపీరైట్ ఫిర్యాదు ఫారం తెరిచాను. ఒక ఫిర్యాదు నిలబడితే ఆ వీడియో పోతుంది, మూడైతే ఛానెలే పోతుంది. ఆ ఛానెల్ చూసి ఆమె దగ్గరికి కుట్టు నేర్చుకునేవాళ్ళు వస్తున్నారని, ఇల్లు దాని మీదే నడుస్తోందని మా ఆయన గుర్తు చేశాడు. చేసేటప్పుడు ఉండాలి ఆ భయం అన్నాను. నా పేరు రాశాను, నా వీడియో లింకు పెట్టాను, ఆమె వీడియో లింకు పెట్టాను. కింద ఇంకో గడి ఉంది. ఆమె వీడియోలో నాది ఎన్నో నిమిషం, ఎన్నో సెకను దగ్గర మొదలవుతుందో రాయమంటోంది.

చూడకుండా అది రాయడం కుదరదు.

కుట్టు మిషన్ ముందు కూర్చుని, పెన్ను, కాగితం పెట్టుకుని, ఆ వ్యూ ఆమెకిచ్చాను. గుడ్డ ఆ గుడ్డే. చేతులు మాత్రం ఆమెవి, ఎర్ర గాజులతో. ముందువైపు చంకను వెనకకంటే అర అంగుళం లోతుగా తీసింది. చేతి గుడ్డకు ముందుపక్క కత్తెరతో చిన్న గాటు పెట్టింది, అతికించేటప్పుడు ముందూ వెనకా తారుమారు కాకుండా. అది నేను నేర్పిన గాటు. నిమిషం రాసుకోబోయాను. సరిగ్గా అప్పుడే ఆమె గొంతు, "ఈ గాటు సంగతి నాకు మా అక్క చెప్పింది. ఆమె వీడియో లింకు కింద పెట్టిన, ముందుగాల అది చూసి రండి" అంది.

వీడియో కింద రాసినదాన్ని తెరిచి చూశాను. మొదటి లైనులోనే మా లింకు. రిపోర్టుకు వెళ్ళి సజెస్టెడ్ వీడియోల దగ్గరున్న వివరం మొదటిసారి పూర్తిగా చదివాను. వేరే వీడియో కింద పెట్టిన లింకు నొక్కి వచ్చినవాళ్ళనూ ఆ వరసలోనే కలుపుతారట. నాలుగేళ్ళు రోజూ చూసిన రిపోర్టు, ఆ లైను నేను చదవనేలేదు. ఆమె నాకు మనుషుల్ని పంపిస్తుంటే నేను ఆమె ఛానెల్ మూయించబోయాను.

ఫారం మూసేశాను. ఫోను చేయడానికి మొహం చెల్లలేదు. మా వీడియో కింద ఆమె వీడియో లింకు పెట్టి ఊరుకున్నాను. రిపోర్టు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా చూపిస్తుంది. పదకొండింటికి చూడటం ఆమె మానదని నాకు తెలుసు.

మూడో రోజు పదకొండూ ఐదుకు ఫోను మోగింది.

"అక్కా, నీ వీడియోకెళ్ళి నాకు వ్యూస్ వస్తున్నయి. ఏందీ, కాపీ కొట్టిననని జనానికి చూపెట్టి నా మీద కంప్లైంట్ గిట పెడుతున్నవా?"

నా దగ్గర నేర్చుకున్న మనిషి కదా, అనుమానం కూడా నేర్చుకుంది.

"రాసిన. పంపలే."

అవతల కుట్టు మిషన్ చప్పుడు ఆగిపోయింది. ఎందుకు పంపలేదని అడిగింది. ఏ నిమిషమో రాయమంటే వీడియో చూడాల్సి వచ్చిందని చెప్పాను. ఇన్నాళ్ళూ ఒక్కటీ చూడలేదా అంది. లేదన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను.

"నీ చేయి ఎప్పుడో తిరిగింది. నేనే చెప్పలే."

అవతల మిషన్ చప్పుడు మళ్ళీ మొదలైంది.

"టీ తాగినవా అక్కా?" అంది.