చివరి కమాను కడ్డీలు

బాపట్లలో మా చర్చి ఆవరణలో ఒక పాత హాలుంది. ముసలితనంలో నేను అక్షరాలు దిద్దింది అక్కడే. ఇప్పటికీ మధ్యాహ్నాలు పదిమంది ఆడవాళ్ళం కూర్చుని చదువుకుంటాం. నిరుటి వానలకు హాలు చివర్లో ఉన్న పుస్తకాల మీద నీళ్ళు కారాయి. కాంట్రాక్టరు మెడలో టేపు వేసుకుని వచ్చి, కప్పు వంక సరిగా చూడకుండానే, "మొత్తం పోయిందండి, కూల్చేయడమే" అన్నాడు.

అంతకుముందు రెండుసార్లు దాని మీద సిమెంటు పూసింది ఈ మహానుభావుడే. సున్నం కప్పు ఎండకీ వానకీ కాస్త కదులుతుంది. సిమెంటు కదల్లేక పగులుతుంది. ఆ పగుల్లో దిగిన నీళ్ళకు ఆరే దారి ఉండదు, కిందికే వస్తాయి.

వయసులో ఉండగా తెనాలి, రేపల్లె మేడల మీద నేను సున్నం కొట్టాను. ఇటుక ముక్కలూ సున్నమూ పరిచి, కరక్కాయ నీళ్ళు చల్లుతూ, సున్నం గట్టిపడి చేతిలో చెక్క ఎగిరిపడేదాకా రోజుల తరబడి కొట్టేవాళ్ళం. ఈ హాలుదీ అలాంటి కప్పే. అడుగున ఇనప దూలాలు, వాటి మధ్య ఇటుక కమానులు. ఒక కమాను పక్కదాన్ని తోస్తుంది, పక్కది దీన్ని తోస్తుంది. అలా నిలబడతాయి. చివరి కమానుకు ఒకవైపు ఉన్నది గోడే. ఆ తోపుకు గోడ ఆగదు. అందుకే దూలం నుంచి గోడ బయటిదాకా ఇనప కడ్డీలు వేసి, బయట బిళ్ళలు పెట్టి నట్లు బిగిస్తారు.

తడిసి ఊడిన ఫాల్స్ సీలింగు సందులోంచి చూశాను. చివరి కమాను నడినెత్తిన, దూలం పొడవునా, తిన్నగా ఒకే చీలిక. కడ్డీలు లేవు.

"ఇక్కడి కడ్డీలు ఏమైనై బాబూ?"

"సీలింగుకి అడ్డమొచ్చాయి మామ్మా, కోయించేశాను. ఉత్త తుప్పు కడ్డీలు."

ఎంత గర్వంగా చెప్పాడో! మా చర్చి పాస్టరు అయ్యగారిని గోడ బయటికి తీసుకెళ్ళాను. గట్టిగా ఉండాల్సిన బిళ్ళ నా వేళ్ళకే తిరిగింది. లాగితే జానెడు కడ్డీ ముక్కతో సహా చేతికొచ్చింది. దాన్ని అయ్యగారి చేతిలో పెట్టాను.

వెనకే వచ్చిన కాంట్రాక్టరు నవ్వబోయాడు. "ఇంజనీరింగు ఎక్కడ చదివారండి మామ్మగారూ?"

"సున్నం తట్ట కింద, బాబూ. నువ్వు ఎక్కడ చదివావో మాత్రం ఎవరికీ చెప్పకు, వాళ్ళ పరువు పోతుంది."

మా ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. అతను మొహం మాడ్చుకుని ఒక కాగితం తీశాడు. హాలు వాడుకునేవాళ్ళంతా సంతకం పెట్టాలట. వెనకటి రోజులైతే వేలిముద్ర వేసేదాన్ని. కూడబలుక్కుని చదివాను. 'పాత సున్నం నాసిరకం, కూల్చుటకు సమ్మతి.' మాలాంటివాళ్ళం కొట్టిన సున్నం నాసిరకమట! 'సున్నం కాదు, కోసిన కడ్డీలు' అని కింద రాసి అయ్యగారి చేతికిచ్చాను. ఆయన రెండుసార్లు చదువుకుని, చేతిలోని తుప్పు ముక్క వంక చూసి, కాగితాన్ని నిలువుగా చింపేశారు.

పొన్నూరు నుంచి ఒక ముసలి మేస్త్రి వచ్చాడు. కమాను కింద ఆసరాగా కర్ర పోట్లు పెట్టి, కొత్త కడ్డీలు బిగించి, సిమెంటు పెళ్ళగించి, చీలికలో సున్నం నింపాడు. ఈ ఏడు వానకు చుక్క పడలేదు.

కడ్డీలు బిగిస్తుంటే కాంట్రాక్టరూ వచ్చాడు. ఎంత లావో కొలుచుకున్నాడు. మెడలోంచి టేపు దిగడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.