ఎండకు వంగిన స్వరం

నిన్న మధ్యాహ్నం గిటార్ తీగలు కొందామని క్లేటన్ పేటలో ఒక దుకాణంలోకి అడుగు పెట్టానో లేదో, లోపలి మూల నుంచి ఒక స్వరం పైకి జారి, రెప్పపాటులో వెనక్కి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయాను. ఆ జారుడు ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసనుకున్నాను. ఒకణ్ణి నేను. రెండోవారు ప్రభాకర్ అంకుల్. ఆయన పోయి నాలుగేళ్లయింది. నేను చెప్పే కథల్లో సగం తీసేసి వినాలని నా స్నేహితులందరికీ తెలుసు. ఇది మాత్రం తీసివేతలు లేకుండా చదవండి.

యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఆరుగురం ఆ పేటలోనే ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. పక్కింటాయన ప్రభాకర్ అంకుల్. తెనాలి మనిషి, పళ్ల డాక్టరు. ఆదివారం గరాజ్ తలుపు ఎత్తి, ఆంటీ జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండు గిటార్ మెడకు తగిలించేవారు. వాయించని తీగలు వాటంతటవి మోగకుండా అది నొక్కి పెడుతుంది. గోడ మీంచి తొంగిచూస్తున్న నన్ను ఒకరోజు లోపలికి పిలిచారు.

"కుడిచేతి వేలితో తీగను పన్నెండో మెట్టు మీద, అదే ఫ్రెట్ మీద, కొట్టు. కొట్టి పైకి ఎత్తెయ్యకు, పక్కకి గీకి వదులు. అప్పుడు ఐదో మెట్టు మీదున్న ఎడమ చూపుడువేలు పలుకుద్ది. వెంటనే చిటికెనవేలు ఎనిమిది మీద సుత్తిలా దించు. మూడు స్వరాలూ గిర్రున తిరగాల."

నా చేతిలో అవి తిరగలేదు, తూలాయి. ఇంకో నెలకి, తీగలు మీటే పిక్కును తీగలన్నిటి మీదుగా ఒక్క ఊపులో జార్చడం చూపించారు. "ఐదు తీగలకి ఐదు దెబ్బలు కాదురా, ఒక్కటే. చీపురుతో ఊడ్చినట్టు. పలికిన వేలు పలికినట్టే పట్టు సడలించాల. లేకపోతే అన్నీ కలిసి మోగి సాంబారైపోద్ది."

ఇవన్నీ ఎక్కడ నేర్చారని అడిగాను. ఆయన నవ్వారు. "అమెరికాలో ఒకడున్నాడు. అంతకు ముందూ ఒకరిద్దరు రెండు చేతులతో మెట్ల మీద కొట్టినవాళ్లే గానీ, లోకం చెవిన పడింది వాడి రికార్డుతోనే. ఎవరూ కాజెయ్యకుండా జనానికి వీపు పెట్టి వాయించేవాడంట. మేం చెవులతో కాజేశాం." రికార్డును సగం వేగంతో తిప్పితే పాట ఒక స్థాయి కిందికి దిగి, స్వరాలు విడివిడిగా వినిపించేవట. ఊడ్పు విద్య జాజ్ వాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉందనీ, యూరప్ నుంచి వచ్చినవాడొకడు వయొలిన్ పలుకులను రాక్‌లోకి దింపితే మోజు పుట్టిందనీ, తర్వాత పాఠాల క్యాసెట్లూ, మెట్ల అంకెలు అచ్చేసిన పత్రికలూ దాన్ని ఇంటింటికీ చేర్చాయనీ చెప్పారు. "కాజేసినా సరే, ఎవరి దగ్గర తీసుకున్నావో పేరు చెప్పి వాయించు." ఆయన అలాగే చేసేవారు, వినేది నేనొక్కణ్ణే అయినా.

ఆ జారుడు మాత్రం ఎవరి దగ్గరా కాజేసింది కాదు. ఈ దేశంలో జనవరి అంటే నడివేసవి. ఆ ఎండలో ఆయన తన రికార్డును కారు వెనకసీట్లో మరిచిపోయారు. అది వంగింది. వంగినచోట స్వరం ఊగింది. వేలు పన్నెండు నుంచి పదమూడుకు జారి తిరిగి వచ్చిందనుకుని ఆయన అలాగే సాధన చేశారు. తిన్నని రికార్డు దొరికేసరికి వేలికి అలవాటైపోయింది. "తప్పేరా. కానీ నాకున్న సొంత ఆస్తి ఇదొక్కటే," అన్నారు.

ఆ ఆస్తిని నేను తెలుగువాళ్ల వార్షికోత్సవంలో వేదిక మీద వాయించాను. చప్పట్లు మారుమోగాయి. "ఎవరు నేర్పారండీ?" అని యాంకరమ్మ మైకు పెట్టింది. నా నోరు నా మాట వినదు కదా. ఎడారిలో మా బస్సు చెడిపోయిందనీ, ఒక బల్లి నా గిటార్ మీద పరిగెత్తి పన్నెండో మెట్టు దగ్గర కాలుజారిందనీ, ఆ విద్య అలా పుట్టిందనీ చెప్పాను. హాలంతా నవ్వింది, ఎవరో వీడియో కూడా తీశారు. మూడో వరసలో ప్రభాకర్ అంకుల్ కూడా చప్పట్లు కొట్టారు. బయట కార్ల దగ్గర నా భుజం తట్టి, "బల్లి బాగుందిరా," అన్నారు. అంతే.

ఆ తర్వాత కూడా ఆదివారాల్లో గరాజ్ తలుపు ఎత్తే ఉండేది. నేనే వెళ్లలేదు. రేపు చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకుంటూ ఊరు మారాను, ఉద్యోగం మారాను. చివరికి ఆయన పోయిన కబురే వచ్చింది.

దుకాణం మూలలో ఉన్నది పదహారేళ్ల తెలుగుపిల్ల. "ఆ జారుడు ఎవరు నేర్పారమ్మా?" అన్నాను.

ఆ పిల్ల నా ముఖం చూసి కళ్లు పెద్దవి చేసింది. "ఓ మై గాడ్! లిజర్డ్ అంకుల్! ఆ ఓల్డ్ వీడియో మీదే కదా? మా ఫ్రెండ్స్ అందరూ ట్రై చేస్తారు!"

విద్యతోపాటు నా అబద్ధం కూడా ఇంటింటికీ చేరిందన్నమాట. పక్కనున్న స్టూలు మీద కూర్చుని అంతా చెప్పాను. కారు, ఎండ, వంగిన రికార్డు, జడ బ్యాండు, తెనాలి.

"సో, బల్లి లేదా?" ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

"లేదమ్మా. ప్రభాకర్ అంకులే ఉన్నారు."

ఆ పిల్ల తన జడ బ్యాండు ఊడదీసి గిటార్ మెడకు తగిలించింది. "దిస్ ఈజ్ ప్రభాకర్ అంకుల్స్ స్లైడ్," అని పైకే చెప్పి వాయించింది.

ఇంటికొచ్చి నేనూ గిటార్ తీశాను. ఖాళీ గదిలో ఆయన పేరు చెప్పి మొదలుపెట్టాను. వేలు పదమూడో మెట్టు దాకా జారింది. చాలాసేపు దాన్ని వెనక్కి రానివ్వలేదు.