పెద్ద మదరు అడిగిన దినచర్య

జర్మనీ ఆడవాళ్ళు పొద్దున లేచి ఏం చేస్తారో, జర్మనీ ఎటువైపుందో తెలియకముందే నేను కంఠతా పట్టాను. లేస్తారు, ఒళ్ళు కడుక్కుంటారు, అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటారు, గుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చుంటారు. అరవైల మొదట్లో, గురజాల దాపున ఉన్న మిషను ఆసుపత్రిలో, ఆయాలుగా పనిచేసే ముగ్గురు ఆడపిల్లల్ని కూర్చోబెట్టి జర్మనీ సిస్టరు నేర్పిన పాఠం అది. బాగా నేర్చుకున్నవాళ్ళను నర్సు చదువుకు తమ దేశం పంపిస్తామన్నది. పంపేది ఇద్దరినే. మొదటి రోజే ఇంకో మాట కూడా చెప్పింది. ఇంట్లో తల్లో తండ్రో మంచాన పడి ఉంటే ఆ పిల్ల ఆశ పెట్టుకోవద్దట. అలాంటివాళ్ళను వదిలి రావడానికి, సిస్టర్లందరికీ పైనుండే పెద్ద మదరు ఒప్పుకోదట.

ముగ్గురిలో ఒకతె రాజుపాలెం పిల్ల, చానా తెలివైంది, ఆమె సంగతి చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. రెండోది నేను, మిషను బడి పంతులు కూతుర్ని. మూడో ఆమె నాకంటే రెండేళ్ళు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. మూడు మైళ్ళ అవతల కూలివాళ్ళ పల్లె నుంచి నడిచి వచ్చేది. వాళ్ళమ్మ సాగరు డ్యాము పనిలో రాళ్ళు మోస్తూ పడి నడుము విరగ్గొట్టుకుంది. రెండేళ్ళుగా మంచమే. ఆ సంగతి ఆసుపత్రిలో నాకొక్కదానికే తెలుసు. అక్క జర్మనీ నుంచి డబ్బు పంపితే తల్లిని తాను దగ్గరుండి చూస్తానని వాళ్ళ చిన్నమ్మ మాటిచ్చిందట. అక్కకు వేరే దారి ఏదీ కనపడలేదు.

పాఠం నిజానికి కష్టమైందే. ‘కడుగుతాను’, ‘కడుక్కుంటాను’ అని మనం ఒక్క మాటలో ఇమిడ్చే తేడాకు వాళ్ళు విడిగా ఒక ముక్క తగిలిస్తారు. ఇష్ వాషె మిష్ అంటే నేను ఒళ్ళు కడుక్కుంటాను. నాకైతే మిష్, నీకైతే డిష్, ఆమెకైతే జిష్, మనకైతే ఉన్స్. చేతులు కడుక్కుంటే మాత్రం మిష్ కాదు, మీర్. నిద్ర లేవడానికి ఏ ముక్కా అక్కర్లేదు. ‘తర్వాత’ అని మొదలుపెట్టామా, వరస మారిపోతుంది: డన్ వాషె ఇష్ మిష్. నేనేమో ప్రతిసారీ మిష్‌ను ఇష్‌కు ముందు తోసేసేదాన్ని. సిస్టరు బల్ల మీద వేళ్ళతో టకటకా కొట్టేది.

అక్క పరిస్థితి నాకంటే అధ్వానం. పుస్తకంలో రోజు ఆమె నోటికి ఎక్కేదే కాదు.

“ఏందే ఇది? పొద్దున లేసిన కాణ్ణుంచీ తన ఒళ్ళే తోముకుంటది, తన తలే దువ్వుకుంటది. ఈ ఆడమనిషికి ఇంకో పనే లేదా?” అన్నది ఒకరోజు.

నవ్వొచ్చింది. అద్దం లేని ఇంటి పిల్లకు అద్దం వాక్యం ఎలా గుర్తుంటుంది? “అయితే నీ రోజే చెప్పక్కా” అన్నాను. ఆసుపత్రి వెనక వరండాలో నాపరాళ్ళ మీద బొగ్గుతో రాసి నేర్పాను. నాలుగింటికి లేస్తాను. ఒళ్ళు కడుక్కుంటాను. తర్వాత అమ్మను కడుగుతాను. ఇక్కడ మిష్ తీసేసి జీ పెట్టాలి, జీ అంటే ఆమెను. ఆమె తల దువ్వుతాను. ఆమె తనంతట తాను పక్కకు తిరగలేదు: జీ కన్ జిష్ నిష్ట్ ఉమ్‌డ్రేయెన్. ఇందులో జిష్ ఎక్కడ కూర్చోవాలో నాకే సందేహం. అక్కకు రాలేదు ఆ సందేహం. నాలుగు రోజుల్లో మొత్తం పట్టేసింది. రోజూ చేసే పనికి మాటలు దొరికేసరికి ఆమె మొహం వెలిగింది. నా చదువు చెప్పే నేర్పు చూసుకుని నేనూ తెగ మురిసిపోయాను. సిస్టరు దగ్గరికి పోయి అక్కకు నేర్పింది నేనేనని చెప్పుకున్నాను కూడా.

“పరీక్షలో మాత్రం పుస్తకంలోదే చెప్పు” అని అక్కకు చెప్పాను. చెప్పాననే గుర్తు. గట్టిగా చెప్పానా అంటే చెప్పలేను.

పెద్ద మదరు గురజాల దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణుంచి జీపులో దిగింది. మమ్మల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, ‘నీ రోజు ఎలా గడుస్తుందో చెప్పు’ అని ఒక్కటే ప్రశ్న వేసింది. నేను అద్దం, బల్ల, గుడ్డ అన్నీ అప్పజెప్పాను. రెండుచోట్ల మిష్ తప్పు జాగాలో పడింది. ఆమె కాగితం మీద ఏదో గీసుకుంది. వచ్చి వరండాలో ఆ గది కిటికీ కింద కూర్చున్నాను.

తర్వాత అక్క వెళ్ళింది. కిటికీలోంచి అంతా వినిపిస్తూనే ఉంది. పుస్తకం రోజుతోనే మొదలుపెట్టింది. మూడో వాక్యం దగ్గర ఆగింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ ఆగింది. ఆ తర్వాత నీళ్ళు పారినట్టు తన రోజు చెప్పుకుంటూ పోయింది. ఒక్క తప్పు లేదు. జిష్ ఎక్కడుండాలో అక్కడే ఉంది. “అమ్మ తనంతట తాను తిరగలేదు” దగ్గర పెద్ద మదరు ఏదో అడిగింది. అక్కకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అదే వాక్యం మళ్ళీ, ఇంకా స్పష్టంగా చెప్పింది.

కాసేపటికి మా సిస్టరు నా దగ్గరికి వచ్చింది. తెలుగు కూడబలుక్కుంటూ అడిగింది: “నేర్పింది నువ్వు కదా. ఆ మంచంలో అమ్మ, పాఠం కోసం కల్పించారా? నిజమా?”

పాఠంలో చెప్పేవన్నీ నిజం కావాలని ఎవరూ అనలేదు. నా అద్దం నిజమా, నా బల్ల నిజమా? ‘కల్పించామమ్మా’ అంటే అయిపోయేది. సిస్టరు ఆ మాట కోసమే ఆశగా చూసినట్టు నాకిప్పటికీ అనిపిస్తుంది. అప్పుడు నా బుర్రలో ఉన్నది ఒకటే: నేను రెండు తప్పులు చేశాను, అక్క ఒక్కటీ చేయలేదు, పోయేది ఇద్దరే.

“నిజమే సిస్టరమ్మా” అన్నాను.

నిజం చెప్పడం పాపం కాదని చాలా ఏళ్ళు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. సిగ్గులేని మాట అది. నేను నిజం కోసం నిజం చెప్పలేదు.

సాయంత్రం జాబితాలో రాజుపాలెం పిల్ల పేరు, నా పేరు ఉన్నాయి. అక్క నా చెయ్యి పట్టుకుని, “నీ తప్పేం లేదులే పిల్లా. నువ్వు నేర్పబట్టే అంత బాగా చెప్పా. మా అమ్మ సంగతి నా నోటితోనే బయటపెట్టుకున్నా” అన్నది. సిస్టరు నన్ను అడిగిన సంగతి ఆమెకు తెలియదు.

నెలన్నరకు ఆ తల్లికి వీపు పుండ్లు ముదిరి జ్వరం కమ్మింది. మూడో రోజు పోయింది. సమాధి దగ్గర మట్టి వేసి వస్తుంటే అక్క నన్ను పక్కకు పిలిచింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

“సిస్టరమ్మకు చెప్పవే. ఇప్పుడు నాకెవరూ లేరని చెప్పు. నేనడిగితే బాగుండదు, నీ మాట ఇంటది.”

చెబుతానన్నాను. నా పాస్‌పోర్టు కాగితాలు అప్పటికింకా మద్రాసు నుంచి రాలేదు. నా పేరు తీసి అక్క పేరు పెట్టాలంటే ఇంకా పెట్టవచ్చు. మరునాడు సిస్టరు వార్డులో ఎదురుపడి, కూలివాళ్ళ పల్లెలో ఎవరో పోయారటగా, ఎవరని అడిగింది.

“ఎవరో ముసలామె అంట” అన్నాను.